చెల్లి పెళ్ళికి 15 రోజుల సెలవు: మేనేజరుకి అర్జీ, పని అప్పగింత ఎలా రాయాలి?

చాందా_లెక్కలు
చంద్రపూర్‌లో ఒక సిమెంటు, ఇనుము డీలరు దగ్గర లెక్కలు చూస్తాను. ఇల్లు గుణుపూర్. వచ్చే నెల 11 బుధవారం రాత్రి చెల్లి పెళ్ళి. 4న పని ముగించి రాత్రికి బయల్దేరి, 19కి తిరిగొచ్చి, 20 శుక్రవారం డ్యూటీలో చేరదామని ఆలోచన. మేనేజరు గారికి నోటిమాటగా చెబితే "రాసివ్వు, నీ పని ఎవరు చూస్తారో కూడా రాయి" అన్నారు.

ఆఫీసులో నాతో పాటు బిల్లింగ్ కుర్రాడు ఒక్కడే. బయట సీఏ గారి ఆఫీసు ఉంది. నా చేతిలో ఉన్నవి: రోజూ ఈ-వే బిల్లులు, 7న జీతాలు, అదే రోజు టీడీఎస్, 11న అమ్మకాల రిటర్ను GSTR-1, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న పన్ను కట్టే రిటర్ను GSTR-3B.

రాసుకున్నది ఇదీ: "మా చెల్లెలి వివాహం సందర్భంగా 5 నుంచి 19 వరకు సెలవు ఇప్పించగలరు. నా పని బిల్లింగ్ కుర్రాడు చూసుకుంటాడు. అవసరమైతే ఫోన్‌లో అందుబాటులో ఉంటాను." ఇది చాలా? ఇంకేమైనా రాయాలా?

సిరొంచ_గోదారి
చాలు తమ్మీ. గింత భయపడుడు ఎందుకు? మహారాష్ట్రల షాపుల చట్టం ఉన్నది. 15 దినాల ముందు రాసిచ్చినవంటే సెలవు కాదనే హక్కు వాళ్ళకు లేదు. ఇయ్యాల్నే ఇచ్చి రసీదు తీసుకో, పో.

పర్లాకిమిడి_మాస్టారు
బాబూ, ఆర్జిత సెలవైతే మధ్యలో పడే ఆదివారాలు కూడా లెక్కకొస్తాయి. ముందూ వెనకా పడే ఆదివారాలు మాత్రం కలుపుకోవచ్చు, దానికి ముందే అనుమతి అడగాలి. హెడ్‌క్వార్టర్స్ వదిలి వెళ్ళడానికి వేరే అనుమతి రాయాలి. మా హైస్కూల్లో మా అబ్బాయి పెళ్ళికి అది రాయలేదని ఫైలు వెనక్కి పంపారు. నువ్వూ ఆ లైను తప్పకుండా చేర్చు.

రాయగడ_పద్దు
మాస్టారూ, మీరు చెప్పింది సర్కారీ కొలువుకి అచ్చంగా సరిపోతుంది. ఆయన ఉన్నది సిమెంటు డీలరు దగ్గర. అక్కడ హెడ్‌క్వార్టర్స్ అనుమతి ఉండదు. ఆదివారం లెక్క కూడా ఆ ఆఫీసు రివాజు ఎలా ఉంటే అలా.

సిరొంచ అన్నా, మీ మాటలో సగం నిజం. 2017 నాటి మహారాష్ట్ర దుకాణాల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్ళకి ప్రతి 20 పనిరోజులకి ఒక రోజు ఆర్జిత సెలవు వస్తుంది. అది కాక 8 రోజుల క్యాజువల్. ఆర్జిత సెలవు 45 రోజుల దాకా పోగు చేసుకోవచ్చు. 15 రోజుల మాట అందులో ఉన్న మాట వాస్తవమే. అయితే అది చెప్పేది వేరు. 15 రోజుల ముందు అడిగినా యజమాని కాదంటే, 45 దాటిన సెలవుకి డబ్బు పుచ్చుకునే హక్కు పనివాడికి వస్తుంది. ఫలానా 5వ తేదీ నుంచే ఇచ్చి తీరాలని మాత్రం లేదు. చట్టం చూపించి అడిగితే సెలవు దొరుకుతుందేమో, తిరిగొచ్చాక ముఖాలు చూసుకోవాలి కదా.

చాందా గారూ, మీ అర్జీలో లోపం సెలవు వాక్యంలో లేదు, రెండో వాక్యంలో ఉంది. "పని కుర్రాడు చూసుకుంటాడు" అన్నది మేనేజరుకి ఏమీ చెప్పదు. ఆయన తలలో తిరిగే ప్రశ్న ఒక్కటే: 5కీ 19కీ మధ్య ఏ తేదీన ఏం పేలుతుంది? మీరు పంపిన జాబితాలో రోజువారీ ఈ-వే బిల్లులు కాక గడువున్న పనులు ఆరు, వాటికి తేదీలు నాలుగు. ముందు ఆ తేదీల్ని క్యాలెండర్లో పెట్టి చూడండి. నెల 1 ఆదివారం అయితే 7 మొదటి శనివారం, బ్యాంకు ఉంటుంది. 14 రెండో శనివారం, బ్యాంకు ఉండదు. 15 ఆదివారం. అంటే పీఎఫ్‌కి కాగితం మీద 15 ఉన్నా మీ ఆఫీసుకి ఆఖరు పనిదినం 13 శుక్రవారమే. ఆన్‌లైన్లో ఆదివారం కూడా కట్టొచ్చు, నిజమే. ఆమోదం నొక్కే మనిషి ఆదివారం దొరకాలి కదా.

చాందా_లెక్కలు
14 రెండో శనివారం అన్నది తట్టనే లేదు మేడమ్. ఆమోదం సేఠ్‌జీ ఇస్తారు, ఆదివారం ఫోను ఎత్తరు.

రాయగడ_పద్దు
అందుకే పనుల్ని మూడు కుప్పలు చేయండి. వెళ్ళేలోపు ముగించగలిగేవి, వేరే చేతికి అప్పగించేవి, మీరు వచ్చేదాకా ఆగగలిగేవి. మొదటి కుప్ప ఎంత పెద్దదైతే అర్జీ అంత తేలికవుతుంది. చాలామంది మొత్తం అప్పగింతగానే రాస్తారు, అప్పగించుకునే కుర్రాడు అది చదివి బెదిరిపోతాడు.

మీ జాబితాలో మొదటి కుప్పలోకి వచ్చేవి నేను చెప్తాను. గడిచిన నెల GSTR-1 ఒకటో తేదీ నుంచే వేయొచ్చు, 11 దాకా ఆగక్కర్లేదు. నెలాఖరు బిల్లులు 2నాటికి అన్నీ ఎక్కించేసి, కుర్రాడి చేత సేల్స్ రిజిస్టరు మొత్తంతో సరిచూపించి, 4న వేసేయండి. హాజరు పుస్తకం 2న మూసేస్తే జీతాల షీటు 3న తయారు. 7 శనివారం దాకా ఎందుకు, 4ననే జీతాలు వేయించేయండి, పెళ్ళికి వెళ్ళే మనిషి మీద జనానికి మంచి మాట కూడా ఉంటుంది. జీతాల షీటు అయ్యిందంటే పీఎఫ్ ఫైలు కూడా అయినట్టే: ఎక్కించి, చలాను నంబరు TRRN రాగానే సేఠ్‌జీ చేత అదే రోజు కట్టించేయండి. ఈఎస్ఐ కూడా అంతే. టీడీఎస్ చలాను మీరు ఎలాగూ 4లోపు కట్టగలరు.

ఇక మిగిలేవి రెండే. రోజువారీ ఈ-వే బిల్లులు, 20నాటి GSTR-3B. అసలు చర్చ వాటి మీదే.

సిరొంచ_గోదారి
మేడమ్ చెప్పింది మంచిగనే ఉన్నది. గని నాకొక్క డౌటు. 4కే GSTR-1 ఏసినంక ఒక బిల్లు మర్చిపోయిన్రు అనుకో, అప్పుడేంది?

ధర్మాబాద్_లోడు
GSTR-1A ఉంది కదా అన్నా. 2024లో వచ్చింది. GSTR-1 వేశాక, అదే నెల GSTR-3B వేసేలోపు, మర్చిపోయిన బిల్లుని GSTR-1Aలో చేర్చొచ్చు, తప్పు పడ్డది దిద్దొచ్చు. ఆ నెలకి ఒక్కసారే వేయగలం కాబట్టి 14 దాకా చూసి, అన్నీ కలిపి ఒకేసారి సీఏ ఆఫీసు వాళ్ళు వేస్తే చాలు. ఇది కుర్రాడి చేతికివ్వొద్దు.

బరంపురం_చిన్నోడు
ఇంత లెక్క ఎందుకండీ? ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్తే పోలా? ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని రోజుకి గంట కూర్చుంటే అన్నీ అయిపోతాయి. నేను భువనేశ్వర్‌లో కంపెనీ వాళ్ళకి అలాగే చెప్పి పది రోజులు ఇంట్లోంచే చేసేశాను. అసలు సెలవే పెట్టక్కర్లేదు.

రాయగడ_పద్దు
మీ పని స్క్రీన్ మీద పని తమ్ముడూ. ఇక్కడ లారీ లోడైన నిమిషంలో బిల్లు కావాలి. రాత్రి 8:30కి లోడు పూర్తయ్యి డ్రైవరు కేకలేస్తుంటే, ఆ వేళకి ఈయన విడిదింట్లో మగపెళ్ళివారికి ఫలహారం అందిస్తుంటాడు. ఆడపిల్ల అన్నయ్య కదా, వాళ్ళ ఎదుట ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంటే బాగుంటుందా? సెలవంటే సెలవే పెట్టాలి. "ఫోన్‌లో అందుబాటులో ఉంటాను" అని హద్దు లేకుండా రాస్తే రోజుకి పన్నెండు ఫోన్లు వస్తాయి. సమయం రాయండి: "రోజూ ఉదయం 10 నుంచి 10:30 వరకు ఫోన్‌లో దొరుకుతాను, 10, 11, 12 తేదీల్లో దొరకను." పెళ్ళికి ముందు రోజు, పెళ్ళి రోజు, మర్నాడు. అది చదివినవాళ్ళకి ఆ మూడు రోజులు ఎవరిని అడగాలో ముందే తెలుస్తుంది.

ధర్మాబాద్_లోడు
ఈ-వే బిల్లు సంగతి నేను చెప్తా. ముందొకటి చెప్పు చాందా అన్నా. పోర్టల్లోకి వెళ్ళేప్పుడు ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తోంది?

చాందా_లెక్కలు
నా ఫోనుకే. GST పోర్టల్లో కూడా సేఠ్‌జీ పేరు ఎదురుగా నా నంబరు, నా మెయిలే ఉన్నాయి. ఓటీపీలు ఆయనకి విసుగని మొదట్లోనే అలా పెట్టించారు.

ధర్మాబాద్_లోడు
అదే అనుకున్నా. కొంప ముంచేది అదే. మనిషి చేతికి పని అప్పగించావు గానీ తాళం నీ జేబులోనే గుణుపూర్ పోతుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు పోర్టల్లో అందరికీ పాస్‌వర్డుతో పాటు ఓటీపీ తప్పనిసరి. నీ ఐడీ, పాస్‌వర్డు చీటీ మీద రాసిచ్చి పోతే కుర్రాడు లారీని ఆపుకుని కూర్చుంటాడు.

పరిష్కారం రెండు ముక్కల్లో ఉంది. మొదటిది, కుర్రాడికి సొంత ఐడీ. మెయిన్ లాగిన్‌లో `User Management` లోపల `Create Sub User` ఉంటుంది. అక్కడ అతని పేరు, అతని ఫోను నంబరుతో కొత్త ఐడీ తయారవుతుంది, ఓటీపీ అతనికే వస్తుంది. ఏయే పనులు చేయనివ్వాలో కూడా అక్కడే టిక్కు పెట్టొచ్చు. బిల్లు తయారీ, వాహనం నంబరు మార్పు, రద్దు ఇచ్చెయ్. మిగతావి వద్దు. ఇది 4న సాయంత్రం చేసే పని కాదు. ఇంకో వారంలో చేసి, నీ ఎదురుగా కనీసం పది బిల్లులు అతని ఐడీ నుంచే తీయించు. ఒకటి కావాలని తప్పు వాహనం నంబరుతో తీయించి Part-Bలో దిద్దించు. ఆ ఒక్క కసరత్తు వంద మాటల పెట్టు.

రెండోది, GST పోర్టల్లో సేఠ్‌జీ నంబరు ఎక్కించడం. అది `Amendment of Registration Non-Core Fields` లోపల `Authorized Signatory` పేజీలో. ఆఫీసరు ఆమోదం అక్కర్లేదు. కొత్త నంబరుకి, కొత్త మెయిల్‌కి ఓటీపీ వస్తుంది. చివర్లో సమర్పించేప్పుడు పాత నంబరుకి కూడా ఓటీపీ రావచ్చు, కాబట్టి నువ్వూ సేఠ్‌జీ ఒకే బల్ల దగ్గర ఉన్నప్పుడు చేయండి. మెయిల్ కూడా మర్చిపోవద్దు, నీ సొంత మెయిల్ ఉంటే నోటీసులు కూడా నీకే పోతాయి. ఇక్కడ మారాక ఈ-వే బిల్లు పోర్టల్లో తనంతట మారదు, అక్కడ కూడా వివరాలు తాజా చేయాలి.

బరంపురం_చిన్నోడు
ఓటీపీకి NIC-GST-Shield యాప్ ఉంది కదా. సిగ్నల్ లేకపోయినా నంబరు చూపిస్తుంది. గుణుపూర్ నుంచే ఫోనులో చెప్పేయొచ్చు.

ధర్మాబాద్_లోడు
యాప్ సంగతి నిజమే. గానీ సిగ్నల్ లేకపోతే ఓటీపీ చూపిస్తుంది, ఆ ఓటీపీని చెప్పే ఫోను ఎట్లా కలుస్తుంది? అది కాక వేరొకడికి ఓటీపీ చదివిపెట్టే అలవాటు ఒకసారి మొదలైతే ఆగదు. రేపు ఎవడో బ్యాంకు పేరు చెప్పి అడిగినా చదివేస్తారు.

చాందా_లెక్కలు
సరే, సబ్ యూజర్ చేయిస్తా. కుర్రాడికి రాసిపెట్టే కాగితంలో ఏమేం ఉండాలి? పది పేజీలు రాస్తే చదవడు.

ధర్మాబాద్_లోడు
ఒక పేజీ, అదీ తప్పులు వచ్చినప్పుడు చేయాల్సినవే. మామూలు బిల్లు తీయడం పది సార్లు చేశాక వస్తుంది, దానికి కాగితం వద్దు.

వాహనం మారితే: బిల్లు రద్దు చేయకూడదు, Part-Bలో కొత్త నంబరు ఎక్కించాలి. విలువో సరుకో తప్పు పడితే: దిద్దడం కుదరదు, 24 గంటల్లోపు రద్దు చేసి కొత్తది తీయాలి. దారిలో తనిఖీ అయిపోయాక రద్దు కాదు. గడువు దాటేట్టుంటే: 200 కిలోమీటర్ల లోపు దూరానికి ఒక్క రోజే గడువు, Part-B నింపిన మర్నాడు అర్ధరాత్రికి అయిపోతుంది. నాగపూర్ లోడు ఇందులోకే వస్తుంది. లారీ పాడై ఆగితే గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల లోపే పొడిగించాలి. ఈ 8 గంటల ముక్క పెద్ద అక్షరాల్లో రాయి. కొత్తవాళ్ళు "రేపు పొద్దున చూద్దాం" అనుకునేది ఇక్కడే. పొద్దున్నకి ఆ అవకాశం పోతుంది, లారీ పట్టుబడితే జరిమానా.

ఇంకోటి. మహారాష్ట్ర లోపల లక్ష దాటితేనే బిల్లు కావాలి, అదే ఆసిఫాబాద్, ఆదిలాబాద్ వైపు అంటే రాష్ట్రం దాటుతుంది కాబట్టి 50 వేలకే కావాలి. మీ కుర్రాడు రెండూ ఒకటే అనుకోవచ్చు.

రాయగడ_పద్దు
చక్కగా చెప్పారు. ఇక GSTR-3B. చాందా గారూ, మీరు "20న చేరి 20న వేస్తాను" అనుకుంటున్నారు, అవునా?

చాందా_లెక్కలు
అవును మేడమ్. అదే అనుకున్నా.

రాయగడ_పద్దు
ఆ ఆలోచన మానేయండి. రాయగడ నుంచి సమతా ఎక్కి నాగపూర్ దిగి అక్కడి నుంచి చంద్రపూర్ రావాలి. ఆ బండి అన్ని రోజులూ ఉండదు, వేళకి వస్తుందన్న పూచీ లేదు. విజయవాడ వైపు తిరిగి వచ్చినా మధ్యలో బండి మారాల్సిందే. 19న రావాల్సింది 20 సాయంత్రం అయితే? 20న పోర్టల్ కూడా దేశమంతా ఎక్కడం వల్ల నెమ్మదిస్తుంది. ఆలస్యానికి రోజుకి 50 రూపాయలు అపరాధ రుసుము, కట్టాల్సిన పన్ను ఉంటే ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. డబ్బు పెద్దది కాదు, మాట పోతుంది.

సప్లయర్లు చూపిన బిల్లుల జాబితా GSTR-2B 14న వస్తుంది. అది వచ్చాక కొనుగోళ్ళ క్రెడిట్ సరిచూసి 3B తయారు చేయడానికి 16, 17 చాలు. సీఏ ఆఫీసుకి మీరు ఇప్పుడే రాసిపెట్టండి: 16న 2B సరిచూత, 17న కట్టాల్సిన మొత్తం సేఠ్‌జీకి, 18న చలాను కట్టి దాఖలు. కొనుగోలు బిల్లుల ఫైలు 4నాటికి వాళ్ళ దగ్గరికి చేరాలి. లేకపోతే 16న కుర్రాడికి ఫోను, కుర్రాడి నుంచి మీకు ఫోను. 2Bలో రాని బిల్లులుంటే ఏ సప్లయరుని అడగాలో ఒక చిన్న చీటీ. చలాను నెట్ బ్యాంకింగ్‌లో కడితే వెంటనే జమ పడుతుంది, నెఫ్ట్ అంటే ఆలస్యం అవుతుంది, 18 అని పెట్టింది అందుకే.

సిరొంచ_గోదారి
మూడు నెలలకొకసారి రిటర్ను ఉండదా? మా బావ దుకాణంల గట్లనే ఏస్తరు.

ధర్మాబాద్_లోడు
ఏడాది వ్యాపారం 5 కోట్ల లోపు ఉండి, ఆ పద్ధతి ఎంచుకున్నవాళ్ళకే అన్నా. చాందా అన్న ప్రతినెలా అంటున్నాడంటే వాళ్ళది దాటి ఉండాలి, లేదా ఆ పద్ధతి ఎంచుకోలేదు.

రాయగడ_పద్దు
ఇప్పుడు సెలవు లెక్క. 5 నుంచి 19 అంటే 15 రోజులు. 8, 15 ఆదివారాలు తీస్తే 13 పనిరోజులు. మీకు నిల్వ ఎంత?

చాందా_లెక్కలు
ఆర్జిత 11, క్యాజువల్ 2. సరిగ్గా 13. కానీ మా ఆఫీసులో రెండూ కలిపి ఎవరూ పెట్టలేదు. ఆదివారాలు లెక్కేస్తే ఇంకో రెండు తక్కువ పడతాయి.

పర్లాకిమిడి_మాస్టారు
సర్కారులో అయితే క్యాజువల్‌ని ఆర్జితతో కలపనివ్వరు. అది మాత్రం గట్టిగా చెప్పగలను.

రాయగడ_పద్దు
ప్రైవేటులో చాలాచోట్ల అదే పద్ధతి అనుకరిస్తారు, కొన్నిచోట్ల కలపనిస్తారు. ఊహించుకుని రాయొద్దు. అర్జీలో తేల్చకుండా అడగండి: కలిపితే 11 ఆర్జిత, 2 క్యాజువల్. కలపకపోతే 11 ఆర్జిత, 2 జీతం లేనివి. ఆదివారాలు లెక్కిస్తే ఇంకో 2 జీతం లేనివి. మూడు దారులూ రాస్తే మేనేజరు ఒకదాని పక్కన టిక్కు పెడతారు, నెలాఖరున జీతంలో కోత చూసి గొడవ ఉండదు. ఇంకో మాట. సెలవు రిజిస్టరు రాసేది మీరే కదా? మీ పేజీ మాత్రం మేనేజరు చేత రాయించి సంతకం తీసుకోండి.

చాందా_లెక్కలు
అది నిజమే మేడమ్, ఎప్పుడూ నేనే రాసుకునేవాణ్ణి. అందరూ చెప్పినవి కలిపి మళ్ళీ రాశాను, చూడండి. పేర్లు తీసేశాను.

"అయ్యా,
మా చెల్లెలి పెళ్ళి వచ్చే నెల 11 బుధవారం రాత్రి గుణుపూర్‌లో. 5 గురువారం నుంచి 19 గురువారం వరకు సెలవు కోరుతున్నాను. 20 శుక్రవారం ఉదయం డ్యూటీలో చేరతాను. మధ్యలో రెండు ఆదివారాలు పోను 13 పనిరోజులు. నిల్వ: ఆర్జిత 11, క్యాజువల్ 2. రెండూ కలపడానికి వీల్లేకపోతే చివరి 2 రోజులు జీతం లేకుండా, ఆదివారాలు లెక్కిస్తే మరో 2 రోజులు జీతం లేకుండా ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

నేను వెళ్ళేలోపు, అంటే 4 సాయంత్రానికి, ముగించేవి: గడిచిన నెల GSTR-1, జీతాలు, టీడీఎస్ చలాను, పీఎఫ్, ఈఎస్ఐ. జీతాలకి, పీఎఫ్, ఈఎస్ఐకి 4 మధ్యాహ్నం సేఠ్‌జీ ఆమోదం కావాలి.

సెలవులో జరిగేవి: ఈ-వే బిల్లులు బిల్లింగ్ సహాయకుడు సొంత ఐడీతో తీస్తాడు, 20వ తేదీలోపు నా ఎదుట సాధన పూర్తవుతుంది. GSTR-3B సీఏ ఆఫీసు 18 బుధవారం వేస్తుంది. చలాను ఆమోదం సేఠ్‌జీ.

నేను వచ్చేదాకా ఆగేవి: పాత బాకీల ఖాతాల సరిచూత, సప్లయర్ల స్టేట్‌మెంట్లు.

ఫోన్‌లో రోజూ ఉదయం 10 నుంచి 10:30 వరకు దొరుకుతాను. 10, 11, 12 తేదీల్లో దొరకను. ఆ రోజుల్లో ఈ-వే బిల్లు చిక్కు వస్తే సీఏ ఆఫీసులో మాట్లాడి ఉంచాను."

రాయగడ_పద్దు
బాగుంది. రెండు మార్పులు. "20వ తేదీలోపు సాధన" అని మాత్రమే ఉంది, ఈ నెల 20 అని రాయండి. లేకపోతే వచ్చే నెల 20 అనుకుంటారు. చివరి వాక్యంలో సీఏ ఆఫీసు వాళ్ళు రాత్రి 9కి దొరకరు. లోడింగ్ రాత్రిళ్ళు కూడా ఉండొచ్చు కాబట్టి, ఆ మూడు రాత్రులు లోడింగ్ 6 గంటలకి ఆపమని గోడౌన్ ఇన్‌చార్జిని అడగండి. ఒప్పుకుంటే అర్జీలో ఒక లైను చేర్చండి.

సిరొంచ_గోదారి
లగ్నపత్రిక ఇప్పుడే ఇయ్యాల్నా, సెలవు అయినంకనా?

రాయగడ_పద్దు
అచ్చయ్యి వచ్చాక ఇవ్వొచ్చు. అర్జీ దాని కోసం ఆగకూడదు. ఈ రెండూ ఒకే కవర్లో పెడితే, సెలవు కోసం పిలిచినట్టు కనిపిస్తుంది.

పర్లాకిమిడి_మాస్టారు
అంతా బాగానే ఉంది గానీ, 16 రోజుల పండగ 26న పడుతుంది కదా? ఆడపిల్ల అన్నయ్య లేకుండా ఎలా? 28 దాకా అడుగు బాబూ.

చాందా_లెక్కలు
ఇంట్లో అమ్మ కూడా అదే అంటోంది మాస్టారూ. నా నిల్వ 13 దగ్గరే ఆగిపోయింది. పైగా నెలాఖరు బిల్లులు.

బరంపురం_చిన్నోడు
ముహూర్తం బావుంటే పదహారు రోజుల పండగని పదకొండు రోజులకి కుదించి చేసేవాళ్ళున్నారు మా వైపు. పురోహితుణ్ణి అడగండి.

పర్లాకిమిడి_మాస్టారు
మా వైపు అలా కుదించరు.

రాయగడ_పద్దు
పదకొండుకి కుదించినా 21 అవుతుంది, అప్పటికే మీరు డ్యూటీలో ఉండాలి. అది మీ ఇంట్లో తేల్చుకోవాల్సిన మాట. ఒక్కటే చెప్తాను, తేలకముందు అర్జీ ఇవ్వకండి. 19 అని రాసిచ్చి, సరేనన్నాక 28 అని అడిగితే రెండోసారి ఎవరూ నమ్మరు. రైలు టికెట్లు కూడా అంతే. ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి, మీ తేదీలకి ఇప్పటికే వెయిటింగ్ వచ్చేసి ఉండొచ్చు. తత్కాల్ మీద ఆధారపడితే ప్రయాణానికి ముందు రోజు ఉదయం దాకా తెలీదు, ఏసీకి 10, స్లీపరుకి 11. ఆ వేళకి మీరు జీతాల షీటు మీద ఉంటారు.

చాందా_లెక్కలు
వెళ్ళే టికెట్ ఖాయమైంది. తిరుగు టికెట్ 18న గుణుపూర్ నుంచి బయల్దేరేట్టు వెయిటింగ్ 14. ఈ రోజు సబ్ యూజర్ తయారు చేశాం. కుర్రాడికి ఓటీపీ వచ్చింది, నాలుగు బిల్లులు తీశాడు. ఐదోది తప్పు నంబరుతో తీయిస్తే Part-B వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది, రేపు మళ్ళీ చేయిస్తాను. సేఠ్‌జీ నంబరు ఇంకా మార్చలేదు, ఆయన శుక్రవారం కూర్చుందామన్నారు.

ధర్మాబాద్_లోడు
శుక్రవారం మార్చిన వెంటనే ఈ-వే బిల్లు పోర్టల్‌ని కూడా తాజా చేసి, నీ ఫోనుని పక్కన పెట్టి లాగిన్ అవ్వండి. ఓటీపీ నీ ఫోనులో మోగిందంటే పని పూర్తి కానట్టే.